విస్తరణ, విరమణ వెసులుబాట్లు: నిర్ణయ వృక్షంతో ప్రాజెక్టు విలువ కట్టడం

ఒక ప్రాజెక్టు మొదలయ్యాక గిరాకీ బాగుంటే దాన్ని పెంచుకోవచ్చు. బాగోకపోతే మధ్యలోనే ఆపి యంత్రాలు, స్థలం అమ్ముకోవచ్చు. ఈ రెండు వెసులుబాట్లకూ రూపాయల్లో విలువ ఉంటుంది. నికర ప్రస్తుత విలువ, వాడుకలో ఎన్‌పీవీ, అనే మామూలు లెక్కలో ఆ విలువ కనిపించదు. నిర్ణయ వృక్షం, అంటే డెసిషన్ ట్రీ, గీసి లెక్క కడితే కనిపిస్తుంది. ఒకే ప్రాజెక్టు ఒక లెక్కలో నష్టంగానూ మరో లెక్కలో లాభంగానూ తేలడం ఇందువల్లనే. అయితే వృక్షం చూపే అదనపు విలువ ఊరికే వచ్చేది కాదు. ఏడాది తర్వాత ఏం జరుగుతోందో తెలుసుకోగలగాలి, తెలుసుకున్నాక చెయ్యగలగాలి. ఈ రెండిట్లో ఏది తగ్గినా విలువ ఎంత వేగంగా కరిగిపోతుందో చూపడమే ఈ వ్యాసంలో ప్రధానం.

మామూలు ఎన్‌పీవీ ఎక్కడ ఆగిపోతుంది

ఎన్‌పీవీ కట్టేవాళ్లు ముందుగా రాబోయే ఏళ్ల నగదు రాబడిని అంచనా వేస్తారు. గిరాకీ ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి మంచి, చెడు సందర్భాలను వాటి సంభావ్యతలతో తూచి ఏడాదికొక సగటు అంకె రాసుకుంటారు. ఆ సగటులను డిస్కౌంట్ రేటుతో ఈనాటి విలువకు తెచ్చి, పెట్టుబడిని తీసేస్తారు. మిగిలింది సున్నాకంటే ఎక్కువైతే ప్రాజెక్టు చేపట్టవచ్చు, తక్కువైతే వద్దు.

లోపం సగటు తీసే చోట ఉంది. మంచి సందర్భాన్నీ చెడు సందర్భాన్నీ ముందే కలిపేస్తే, ఆ తర్వాత రెండిట్లో వేర్వేరుగా ఏం చేస్తామన్న ప్రశ్నకు తావు ఉండదు. ఈ రోజు బటన్ నొక్కి ఆరేళ్ల తర్వాత వచ్చి పెట్టె తెరిచి చూసుకునే యజమాని లెక్క అది. నిజంగా సంస్థ నడిపేవాళ్లు మొదటి ఏడాది అమ్మకాలు చూడగానే కూర్చుని మాట్లాడుకుంటారు. నిర్ణయ వృక్షం ఆ సమావేశాన్ని లెక్కలోకి తెస్తుంది.

వృక్షంలో రెండు రకాల ముడులుంటాయి. చతురస్రంతో గీసేది నిర్ణయ ముడి. అక్కడ ఏ కొమ్మ పట్టుకోవాలో మన చేతిలో ఉంటుంది కాబట్టి ఎక్కువ విలువున్న కొమ్మనే తీసుకుంటాం. వృత్తంతో గీసేది సంభావ్యతా ముడి. అక్కడ ఎంపిక మనది కాదు కాబట్టి కొమ్మలన్నిటినీ సంభావ్యతలతో తూచి సగటు తీస్తాం. లెక్క చివరి ఏడాది నుంచి మొదలుపెట్టి వెనక్కి నడుస్తుంది: ముందు భవిష్యత్తులో ఏం చేస్తామో తేల్చుకుని, ఆ తర్వాతే ఈ రోజు ఏం చేయాలో తేలుస్తాం. సగటు తీయడం, మేలైనది ఎంచుకోవడం అనే రెండు పనుల వరుస మారడమే మొత్తం తేడా.

ఎక్కడి నుంచి వచ్చింది

పెట్టుబడి నిర్ణయాలకు ఈ వృక్షాన్ని వ్యాపార పాఠకుల దగ్గరికి చేర్చినవాడు జాన్ మాగీ. 1964లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఆయన రాసిన రెండు వ్యాసాల్లో మొదటిది ఒక కల్పిత రసాయన సంస్థ కథ. కొత్త సరుకుకు పెద్ద ప్లాంటు కట్టాలా, చిన్నది కట్టి గిరాకీ చూసి పెంచాలా అన్నది అందులో చిక్కు. ఈ రంగంలో ఇప్పటికీ అదే ప్రామాణిక ప్రశ్న. 1967లో అలెగ్జాండర్ రోబిచెక్, జేమ్స్ వాన్ హార్న్ కలిసి విరమణ విలువ మీద జర్నల్ ఆఫ్ ఫైనాన్స్‌లో రాశారు. మధ్యలో ఆపేస్తే వచ్చే డబ్బును ప్రాజెక్టు లెక్కలో కలపకపోతే తప్పు ప్రాజెక్టులు ఎంచుకుంటామని వాళ్ల వాదన. 1973లో షేర్ల ఆప్షన్లకు ధర కట్టే బ్లాక్–షోల్స్ సూత్రం వచ్చింది. 1977లో స్టువర్ట్ మైయర్స్ సంస్థల భవిష్యత్ పెట్టుబడి అవకాశాలను కూడా ఆప్షన్లుగానే చూడవచ్చంటూ వాటికి ‘రియల్ ఆప్షన్లు’ అని పేరు పెట్టాడు. అప్పటి నుంచి వృక్షం ఒకవైపు, ఆప్షన్ సూత్రాలు మరోవైపు ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నాయి. రెండూ ఎక్కడ విడిపోతాయో డిస్కౌంట్ రేటు దగ్గర చూద్దాం.

ఒక బల్క్ డ్రగ్ ప్లాంటు లెక్క

హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడలో బల్క్ డ్రగ్స్, అంటే మందులో పనిచేసే మూల రసాయనం, తయారుచేసే ప్లాంట్లు చాలా ఉన్నాయి. ఒక మందు పేటెంటు తీరిపోయాక దాని మూల రసాయనానికి గిరాకీ ఎంత వస్తుందో ముందు చెప్పడం కష్టం. విదేశీ కొనుగోలుదారులు నమూనాలు తీసుకుంటారు, తనిఖీకి వస్తారు, ఆర్డరు మాత్రం మరొకరికి ఇవ్వవచ్చు. ఉదాహరణ కోసం అలాంటి ప్లాంటు ఒకటి ఊహించుకుందాం. అంకెలు కల్పితం, పద్ధతి నిజం.

చిన్న ప్లాంటుకు ఈ రోజు ₹100 కోట్లు కావాలి. ఆయుష్షు 6 ఏళ్లు. గిరాకీ బాగుంటే పన్నులు పోగా ఏటా ₹32 కోట్లు వస్తాయి, మందకొడిగా ఉంటే ₹14 కోట్లు. రెండిటికీ సంభావ్యత సగం సగం. డిస్కౌంట్ రేటు 12%. ఆరేళ్ల చివర యంత్రాలకు వచ్చేది లెక్కలోకి తీసుకోవడం లేదు.

మామూలు ఎన్‌పీవీ ఇలా నడుస్తుంది. ఏడాది సగటు ₹23 కోట్లు. ఆరేళ్లపాటు ఏటా వచ్చే ఒక్కో రూపాయికి 12% దగ్గర ఈనాటి విలువ ₹4.11. రెండూ గుణిస్తే ₹94.6 కోట్లు. పెట్టుబడి ₹100 కోట్లు తీసేస్తే ₹5.4 కోట్ల నష్టం. ఫైలు ఇక్కడే మూతపడుతుంది.

ఇప్పుడు ఏడాది చివర ఏం చేయగలమో రాసుకుందాం. మొదటి ఏడాది తిరిగేసరికి గిరాకీ ఏ రకమో స్పష్టంగా తెలిసిపోతుందని ప్రస్తుతానికి అనుకుందాం. అప్పుడు మరో ₹40 కోట్లు పెట్టి రెండో వరుస రియాక్టర్లు వేసుకోవచ్చు. గిరాకీ బాగుంటే వాటివల్ల మిగతా 5 ఏళ్లూ ఏటా ₹20 కోట్లు అదనంగా వస్తాయి, మందకొడిగా ఉంటే ₹4 కోట్లే. లేదంటే ప్లాంటును మరొకరికి ₹60 కోట్లకు అమ్మేయవచ్చు.

మంచి గిరాకీ కొమ్మ చివరి నుంచి మొదలుపెడదాం. 5 ఏళ్లకు ఒక్కో రూపాయి విలువ ₹3.60. ఉన్న ప్లాంటు నడిపితే ఏడాది చివరనాటికి దాని విలువ 32 × 3.60, అంటే ₹115.4 కోట్లు. విస్తరణతో వచ్చేది ₹72.1 కోట్లు, దానికయ్యే ఖర్చు ₹40 కోట్లు, మిగులు ₹32.1 కోట్లు. కాబట్టి విస్తరిస్తాం. మొదటి ఏడాది చేతికందిన ₹32 కోట్లు కలిపితే ఈ కొమ్మ విలువ ₹179.4 కోట్లు.

మందకొడి కొమ్మలో విస్తరిస్తే ₹40 కోట్లకు ₹14.4 కోట్లే తిరిగొస్తాయి, ఆ మాట వదిలేద్దాం. నడుపుకుంటూ పోతే 14 × 3.60, అంటే ₹50.5 కోట్లు. అమ్మేస్తే ₹60 కోట్లు. అమ్మేస్తాం. మొదటి ఏడాది ₹14 కోట్లు కలిపితే ₹74 కోట్లు.

ఇక ఈ రోజుకు వద్దాం:

(0.5 × 179.4 + 0.5 × 74) ÷ 1.12 − 100 = 13.1

₹5.4 కోట్ల నష్టం ₹13.1 కోట్ల లాభమైంది. తేడా ₹18.6 కోట్లు. అందులో విస్తరణ వెసులుబాటు వాటా ₹14.3 కోట్లు, విరమణది ₹4.3 కోట్లు. రెండూ వేర్వేరు కొమ్మల్లో అక్కరకొచ్చాయి కాబట్టి ఇక్కడ నేరుగా కూడుకున్నాం. అన్నిసార్లూ అలా కుదరదు. ఒక వెసులుబాటు వాడుకుంటే మరొకటి చేజారిపోయే చోట రెండిటి విలువా కలిపి కట్టాలి తప్ప విడివిడిగా కట్టి కూడకూడదు. అమ్మేసిన ప్లాంటును తర్వాత విస్తరించలేం కదా.

చర్చకు మరో ఉపయోగకరమైన అంకె ఉంది: లాభనష్టాలు సరిసమానం కావాలంటే మంచి గిరాకీ సంభావ్యత కనీసం ఎంత ఉండాలి? వెసులుబాట్లు లేకపోతే 57%, ఉంటే 36%. ‘సగం సగం’ అన్న అంచనా మీద ఎవరికీ గట్టి నమ్మకం ఉండదు. అది 36%కి పడినా పరవాలేదని తెలిస్తే మాత్రం మార్కెటింగ్ విభాగంతో మాట్లాడే తీరే మారిపోతుంది.

చిన్నదా, పెద్దదా

మాగీ అసలు ప్రశ్నకు వద్దాం. మొదటే పెద్ద ప్లాంటు కడితే ₹130 కోట్లతో సరిపోతుంది. చిన్నది కట్టి పెంచితే ₹140 కోట్లవుతుంది. పెద్ద ప్లాంటుకు గిరాకీ బాగుంటే మొదటి ఏడాది నుంచే ఏటా ₹52 కోట్లు వస్తాయి. మందకొడిగా ఉంటే స్థిర ఖర్చుల భారం వల్ల ₹10 కోట్లే మిగులుతాయి. మామూలు ఎన్‌పీవీ ₹2.5 కోట్ల నష్టం. చిన్న ప్లాంటుకు వచ్చిన ₹5.4 కోట్ల నష్టం కంటే ఇది నయం. తప్పనిసరిగా ఒకటి కట్టాలంటే పెద్దదే కట్టమని ఆ లెక్క చెబుతుంది.

వృక్షం వరుస తిప్పేస్తుంది. పెద్ద ప్లాంటుకు ఇక విస్తరణ వెసులుబాటు లేదు, విరమణ ఒక్కటే ఉంది. అమ్మితే ₹65 కోట్లు వస్తాయనుకుంటే దాని విలువ ₹10.4 కోట్లకు చేరుతుంది. చిన్న ప్లాంటు ₹13.1 కోట్లతో ముందుంది. పెద్దదాన్ని ఒకేసారి కట్టడంలో ఆదా అయ్యే ₹10 కోట్లకంటే, చూసి కట్టగలిగే వీలు విలువైనదన్న మాట. నిర్మాణ ఖర్చు ఆదా ఇంజినీర్ల అంచనా పట్టీలో నేరుగా కనిపిస్తుంది. వెసులుబాటు ఏ పట్టీలోనూ ఉండదు. అందుకే బోర్డు గదుల్లో పెద్ద ప్లాంటు వాదన గెలవడం ఎక్కువ.

సంకేతం మసకగా ఉంటే

ఇప్పటిదాకా ఒక పెద్ద ఊహ మీద నిలబడ్డాం: ఏడాది గడిస్తే గిరాకీ సంగతి ఖాయంగా తెలుస్తుందని. నిజానికి మొదటి ఏడాది ఆర్డర్లు ఎక్కువగా రావడానికి ఎక్కడో మరో సరఫరాదారు ప్లాంటు తాత్కాలికంగా ఆగిపోవడం కారణం కావచ్చు. ఆర్డర్లు తక్కువగా రావడానికి కొనుగోలుదారుడి తనిఖీ ఆలస్యం కావడం కారణం కావచ్చు. మొదటి ఏడాది సంకేతం పదింట ఎనిమిదిసార్లు మాత్రమే నిజం చెబుతుందనుకుని లెక్క మళ్లీ కడదాం.

మంచి సంకేతం వచ్చింది. నిజంగా మంచి గిరాకీ ఉండే సంభావ్యత 80%, మోసపోయే సంభావ్యత 20%. విస్తరిస్తే 80% సార్లు ₹32.1 కోట్ల మిగులు, 20% సార్లు ₹25.6 కోట్ల నష్టం. సగటున ₹20.6 కోట్లు. విస్తరణ ఇంకా లాభమే, కాకపోతే దాని ఈనాటి విలువ ₹14.3 కోట్ల నుంచి ₹9.2 కోట్లకు దిగింది.

చెడు సంకేతం వచ్చింది. అమ్మేస్తే 80% సార్లు ₹9.5 కోట్లు కలిసొస్తుంది. మిగతా 20% సార్లు మాత్రం ₹115.4 కోట్లు తెచ్చే ప్లాంటును ₹60 కోట్లకు వదిలేసినట్టు, అంటే ₹55.4 కోట్ల నష్టం. సగటు తీస్తే అమ్మడం వల్ల ₹3.4 కోట్లు పోతుంది. కాబట్టి అమ్మకూడదు. విరమణ వెసులుబాటు కాగితం మీద అలాగే ఉంది, కొనేవాడూ ఉన్నాడు, ధరా మారలేదు. అయినా విలువ సున్నా. ప్రాజెక్టు మొత్తం విలువ ₹13.1 కోట్ల నుంచి ₹3.7 కోట్లకు పడిపోయింది.

ఈ పద్ధతి నేర్పేవాళ్లు తరచుగా దాటేసే మెట్టు ఇదే. దీన్ని దాటేస్తే వృక్షం ప్రతి ప్రాజెక్టునూ మెరిపించే సాధనంగా మారిపోతుంది. నిర్ణయ ముడి గీసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘అప్పుడు ఏం చేస్తాం?’ ఒక్కటే కాదు, ‘అప్పటికి మనకు ఏం తెలుస్తుంది, అది ఎంతవరకు నమ్మవచ్చు?’ అన్నది కూడా. విస్తరణ కంటే విరమణ ఈ మసకకు ఎక్కువ లొంగుతుంది. ఎందుకంటే పొరపాటున విస్తరిస్తే పోయేది అదనపు పెట్టుబడిలో కొంత, పొరపాటున మూసేస్తే పోయేది మొత్తం ప్లాంటు భవిష్యత్తు. పై ఉదాహరణలో మొదటిది ₹25.6 కోట్లు, రెండోది ₹55.4 కోట్లు.

ఇదే లెక్క నుంచి మరో ఉపయోగం ఉంది. మసక సంకేతానికీ పూర్తి స్పష్టతకూ మధ్య తేడా ₹9.4 కోట్లు. స్పష్టత తెచ్చే ఏ ఏర్పాటుకైనా అంతవరకు ఖర్చు పెట్టవచ్చు. కొనుగోలుదారుతో మూడేళ్ల సరఫరా ఒప్పందం కోసం ధర కొంత తగ్గించడం అలాంటిదే. ఆ తగ్గింపును అమ్మకాల విభాగం ఆదాయంలో కోతగా చూస్తుంది. వృక్షంలో అది సమాచారానికి కట్టిన ధర.

డిస్కౌంట్ రేటు చిక్కు

మొత్తం వృక్షాన్ని ఒకే 12%తో వెనక్కి తెచ్చాం. సిద్ధాంతపరంగా ఇది సరికాదు. 12% అనేది వెసులుబాట్లు లేని మామూలు ప్రాజెక్టు నష్టభయానికి తగిన రేటు. విస్తరణ వెసులుబాటు మంచి గిరాకీలో మాత్రమే ఫలిస్తుంది, చెడులో ఏమీ ఇవ్వదు. కాబట్టి అది ప్రాజెక్టుకంటే ఎక్కువ ఊగిసలాడుతుంది. విరమణ అందుకు తలకిందులు. అంతా చెడినప్పుడే డబ్బిస్తుంది. బీమా లాంటి దానికీ జూదం లాంటి దానికీ ఒకే రేటు వేయడం కుదరదు.

ఆప్షన్ల పద్ధతి దీన్ని ఇలా సరిచేస్తుంది. వెసులుబాట్లు లేని ప్రాజెక్టు ఈనాటి విలువ ₹94.6 కోట్లు. ఏడాది చివర అది ₹147.4 కోట్లో, ₹64.5 కోట్లో అవుతుంది. నష్టభయం లేని రేటు 7% అనుకుందాం. ₹94.6 కోట్లను 7%తో పెంచితే ₹101.2 కోట్లు. మంచి కొమ్మకు ఎంత బరువిస్తే సగటు సరిగ్గా అంత వస్తుంది?

(101.2 − 64.5) ÷ (147.4 − 64.5) = 0.443

నిజమైన సంభావ్యత 0.5కు బదులు ఈ 0.443ను వాడి, 12%కు బదులు 7%తో డిస్కౌంట్ చేస్తే నష్టభయం ఖరీదు బరువుల్లోనే ఇమిడిపోతుంది. స్పష్టమైన సంకేతం ఉన్న మొదటి వృక్షానికి ఈ బరువులు వేస్తే విస్తరణ వెసులుబాటు విలువ ₹14.3 కోట్ల నుంచి ₹13.3 కోట్లకు తగ్గుతుంది. విరమణ విలువ ₹4.3 కోట్ల నుంచి ₹5 కోట్లకు పెరుగుతుంది. ప్రాజెక్టు మొత్తం విలువ ₹12.8 కోట్లు. మామూలు వృక్షం ₹13.1 కోట్లంది.

లోపల ఏం జరిగిందో చూస్తే ఆసక్తికరంగా ఉంటుంది. నిజమైన సంభావ్యతలతో చూస్తే విస్తరణ వెసులుబాటును 12% కాదు, దాదాపు 21%తో డిస్కౌంట్ చేసినట్టు. విరమణను సున్నాకంటే తక్కువ, దాదాపు మైనస్ 4%తో. బీమా ప్రీమియం కట్టేవాళ్లు సగటున తిరిగొచ్చే దానికంటే ఎక్కువే కడతారు, ఇదీ అంతే. ఇక్కడ రెండు తప్పులూ ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకున్నాయి కాబట్టి మొత్తంలో తేడా ₹0.3 కోట్లే. ఒకే రకం వెసులుబాటున్న ప్రాజెక్టులో ఈ అదృష్టం ఉండదు. విస్తరణ మీదే ఆధారపడిన ప్రాజెక్టుకు మామూలు వృక్షం విలువను పెంచి చూపుతుంది, విరమణ మీద ఆధారపడినదానికి తగ్గించి చూపుతుంది. ఏ దిక్కుకు తప్పుతుందో ఇలా ముందే తెలుసు కాబట్టి, చాలా సంస్థల అవసరాలకు సాదా వృక్షం చాలుతుందని నా అభిప్రాయం.

ప్రాజెక్టు షేరు లాగా బజారులో దొరకదు కదా, దాని విలువను ఆధారంగా ఎలా తీసుకుంటామన్న అభ్యంతరం ఉంది. వెసులుబాట్లు లేని ప్రాజెక్టు ప్రస్తుత విలువనే దాని బజారు ధరకు సరైన అంచనాగా తీసుకోవాలని టామ్ కోప్‌లాండ్, వ్లాదిమిర్ అంటికరోవ్ 2001లో వచ్చిన పుస్తకంలో వాదించారు. పైన చేసింది అదే. మామూలు ఎన్‌పీవీ మీద నమ్మకం ఉన్నవాళ్లకు దీని మీదా ఉండాలి, ఎందుకంటే రెండిటికీ పునాది ఒకటే.

అమ్మితే ఎంత వస్తుంది?

వృక్షంలో అన్నిటికంటే తేలిగ్గా రాసేసే అంకె, నిజంలో అన్నిటికంటే కష్టపడి సంపాదించాల్సిన అంకె విరమణ విలువ. మన ఉదాహరణలో అది ₹60 కోట్లు. నడుపుకుంటే వచ్చేది ₹50.5 కోట్లు. అమ్మకం ధర ₹50 కోట్లకు తగ్గితే చాలు, వెసులుబాటు విలువ సున్నా. అంటే ఈ అంకెలో ఆరో వంతు పొరపాటు మొత్తం విలువను మింగేస్తుంది.

పొరపాటు ఎక్కువగా ఒకే దిక్కుకు జరుగుతుంది. ఈ రసాయనానికి గిరాకీ పడితే ఇదే రసాయనం చేసే మిగతావాళ్లూ ప్లాంట్లు అమ్మకానికి పెడతారు. అమ్మాల్సి వచ్చే రోజున ధర తక్కువగా ఉంటుంది. ఈ రోజు పాత యంత్రాల బజారులో ఉన్న ధరను ఆ కొమ్మలో రాయడం తప్పు. ఒక్క రసాయనానికే పనికొచ్చే ప్రత్యేక పరికరాలకు ఈ ప్రమాదం ఎక్కువ, ఏ మందుకైనా వాడుకోగల గాజు పూత రియాక్టర్లకు, స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలకు తక్కువ. డిజైన్ దశలోనే కొంచెం ఎక్కువ పెట్టి బహుళ ప్రయోజన ప్లాంటు కట్టడం విరమణ విలువను కొనుక్కోవడమే.

అమ్మకం ధర నుంచి తీసేయాల్సినవీ ఉన్నాయి. కార్మికులకు చెల్లించాల్సిన పరిహారం, నిల్వ ఉన్న వ్యర్థాలను శుద్ధి చేసి స్థలం అప్పగించే ఖర్చు, ప్రభుత్వ సంస్థలు కేటాయించిన స్థలమైతే బదిలీ షరతులు. భారతదేశంలో మూసివేత కాలం కూడా లెక్కలోకి రావాలి. పారిశ్రామిక వివాదాల చట్టంలో 1976లో చేర్చిన 5-బి అధ్యాయం పెద్ద కర్మాగారం మూయడానికి ముందుగా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసింది. తర్వాత ఆ నియమం 100 మంది కార్మికులున్న కర్మాగారాలకూ వర్తించింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ సంఖ్యను 300కు పెంచింది. అనుమతి కోసం ఎదురుచూసే నెలల్లో జీతాలు నడుస్తూనే ఉంటాయి, యంత్రాలు తుప్పు పడుతుంటాయి.

కొన్నిసార్లు విరమణ వెసులుబాటును ఒప్పందంలోనే వదిలేసుకుంటారు. కాంకార్డ్ విమానం కోసం బ్రిటన్, ఫ్రాన్స్ 1962 నవంబరులో చేసుకున్న ఒప్పందంలో ఒక పక్షం తనంత తాను తప్పుకునే మార్గం పెట్టుకోలేదు. 1964లో బ్రిటన్‌లో కొత్తగా వచ్చిన ప్రభుత్వం ఆపేయాలనుకున్నా న్యాయపరమైన చిక్కుల వల్ల కొనసాగించాల్సి వచ్చింది. వృక్షంలో ఆ కొమ్మ గీయడానికే వీల్లేదు.

కొమ్మ ఉన్నా దాన్ని పట్టుకోలేని మనుషుల సంగతి వేరు. ఇప్పటికే మునిగిన ఖర్చు ముందుకు సాగే నిర్ణయంలోకి రాకూడదని లెక్క చెబుతుంది. చెడుతున్న పనిలో తానే మొదట డబ్బు పెట్టినవాడు మరింత డబ్బు పోస్తాడని బ్యారీ స్టా 1976లో చేసిన ప్రయోగంలో తేలింది. ఉదాహరణలోని ప్లాంటును ప్రతిపాదించిన డైరెక్టరే ఏడాది తర్వాత దాన్ని మూయాలా వద్దా అని నిర్ణయిస్తే, విరమణ కొమ్మకు ₹4.3 కోట్లు రాయడం అతిశయోక్తి. ఏ నెలలో, ఏ అంకె కింద పడితే, ఎవరు నిర్ణయిస్తారో ప్రాజెక్టు ఆమోదించే రోజునే కాగితం మీద పెట్టిన సంస్థకు మాత్రమే ఆ విలువ పూర్తిగా రాసుకునే హక్కుంది.

విస్తరించే వీలును సంపాదించుకోవడం

విస్తరణ కొమ్మలో తరచుగా మరిచిపోయేది సమయం. బల్క్ డ్రగ్ ప్లాంటు సామర్థ్యం పెంచాలంటే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. గిరాకీ చూశాక దరఖాస్తు పెడితే ఏడాది పోయిందనుకుందాం. ₹40 కోట్ల ఖర్చూ ఏడాది వెనక్కి జరుగుతుంది, ఏటా ₹20 కోట్లు వచ్చే కాలం మాత్రం 5 ఏళ్ల నుంచి 4 ఏళ్లకు తగ్గుతుంది. విస్తరణ మిగులు ₹32.1 కోట్ల నుంచి ₹18.5 కోట్లకు పడుతుంది. ఈనాటి విలువలో ₹6 కోట్లకు పైగా నష్టం. మొదటే పూర్తి సామర్థ్యానికి అనుమతి తీసుకోవడం, రెండో వరుసకు సరిపడా స్థలం ఖాళీగా ఉంచుకోవడం, ఆవిరి గొట్టాలు, వ్యర్థజల శుద్ధి కేంద్రం కొంచెం పెద్దవిగా వేసుకోవడం, వీటన్నిటికీ కలిపి ₹6 కోట్లదాకా ఖర్చు చేసినా లెక్క సరిపోతుంది. ఖాళీగా పడి ఉన్న స్థలం ఆడిటర్‌కు వృథాగా కనిపించవచ్చు, దాని అసలు పని ఇది.

సిద్ధంగా ఉన్న ఏర్పాట్లు తర్వాతి అడుగును ఎలా చౌక చేస్తాయో కాకినాడ తీరంలో చూడవచ్చు. కేజీ బేసిన్ డీ6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలుపెట్టిన డీ1, డీ3 గ్యాస్ క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. వాటి కోసం కట్టిన సముద్ర వేదిక, గొట్టాలు, గాడిమొగలోని తీర కేంద్రం ఆసరాగా అదే బ్లాకులో ఆర్-క్లస్టర్ 2020 డిసెంబరులో మొదలైంది. ఆ తర్వాత శాటిలైట్ క్లస్టర్, ఎంజే క్షేత్రాలు వచ్చాయి. మొదటి క్షేత్రానికి ఒంటరిగా ఎన్‌పీవీ కడితే ఆ ఏర్పాట్ల ఖర్చంతా దాని మీదే పడుతుంది, తర్వాతి క్షేత్రాలకు అవి తెరిచిన దారి మాత్రం లెక్కలోకి రాదు.

విస్తరణ విలువను పెంచి చూపే తప్పు మరొకటి పోటీదారులను మరవడం. పేటెంటు చేతిలో ఉన్నవాడికి విస్తరించే హక్కు తనదే. పేటెంటు తీరిన మందుకు అలా కాదు. గిరాకీ బాగుందని మనకు తెలిసేసరికి పక్కవాడికీ తెలుస్తుంది. మంచి కొమ్మలో ఏటా అదనంగా వచ్చే ₹20 కోట్లను 5 ఏళ్లూ అలాగే ఉంచకుండా, ఇతరులు ప్లాంట్లు కట్టుకునే కాలం చూసి మూడో ఏడాది నుంచి తగ్గించుకుంటూ రావాలి. కొత్త ప్లాంట్లు రాగానే ధర పడిపోయే సరుకులో ఈ ఒక్క సవరణే విస్తరణ విలువలో పెద్ద భాగాన్ని తీసేయగలదు.

వృక్షం సరిపోని చోటు

ఒక ముడికి రెండు కొమ్మలు, రెండు దశలు ఉన్నంతవరకు వృక్షం కాగితం మీద ఇముడుతుంది. ప్రతి త్రైమాసికానికీ ధర మారుతుంది, ప్రతిసారీ మూడు పనుల్లో ఒకటి చేయవచ్చు అంటే కొమ్మలు వేలకు చేరతాయి. రాగి గనిని ధర పడినప్పుడు తాత్కాలికంగా మూసి, పెరిగినప్పుడు తెరిచే సమస్య అలాంటిది. మైకేల్ బ్రెన్నన్, ఎడ్వర్డో ష్వార్ట్జ్ 1985లో దాన్ని రాగి ధర ఆధారంగా నిరంతర గణితంతో పరిష్కరించారు. వాళ్ల లెక్కలో గని తెరిచే ధర, మూసే ధర వేర్వేరుగా వచ్చాయి. మూయడానికీ తెరవడానికీ ఖర్చు ఉంది కాబట్టి, నడుస్తున్న గనిని కొంత నష్టంలోనూ నడపడం, మూసిన గనిని కొంత లాభం కనిపిస్తున్నా తెరవకుండా ఉండడం సరైనదే అవుతుంది. బజారులో రోజూ ధర కనిపించే సరుకుకు ఈ మార్గం నప్పుతుంది. కాక్స్, రాస్, రూబిన్‌స్టైన్ 1979లో ఇచ్చిన ద్విపద జాలకం మధ్యేమార్గం. అందులో పైకి వెళ్లి కిందికి రావడమూ, కిందికి వెళ్లి పైకి రావడమూ ఒకే ముడిలో కలుస్తాయి కాబట్టి కొమ్మలు పేలిపోవు, స్ప్రెడ్‌షీట్‌లోనే లెక్క సాగుతుంది.

ధరకు బదులు ఒకటి రెండు పెద్ద ప్రశ్నల మీద విలువ ఆధారపడినప్పుడు మాత్రం వృక్షానికి సాటి లేదు. ఔషధ పరీక్ష నెగ్గిందా, కొనుగోలుదారు ప్లాంటుకు ఆమోదం ఇచ్చాడా, గనిలో ఖనిజం ఉందా అన్నవి ఆ కోవకు చెందినవి. ఇలాంటి ప్రశ్నల సమాధానానికి బజారు ధర ఉండదు, చాలావరకు దేశ ఆర్థిక పరిస్థితితో సంబంధమూ ఉండదు. అందువల్ల వాటి సంభావ్యతలను ఉన్నవి ఉన్నట్టే వాడవచ్చు, డిస్కౌంట్ రేటు చిక్కు కూడా ఆ ముడుల దగ్గర చాలావరకు తీరిపోతుంది.